సెర్ వేయాలా, ఎస్తార్ వేయాలా? తప్పు ఎక్కడ పడుతోందంటే

స్పానిష్ కొత్తగా నేర్చుకునేవాళ్ల నోటుపుస్తకాలు దిద్దీ దిద్దీ నాకు ఒకటి అర్థమైంది. పదిమందిలో ఎనిమిదిమందిది ఒకే తప్పు, దానికి కారణమూ ఒకటే. ఇంగ్లీషులో am, is అనే చోట స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండు క్రియలుంటాయి, ఒకటి వేయాల్సిన చోట రెండోది వేసేస్తారు. నేను, అతను అనేవాటికి రూపాలు మీకు వచ్చనుకుంటాను: సెర్‌కి సోయ్, ఎస్, ఎస్తార్‌కి ఎస్తోయ్, ఎస్తా.

సమస్య 1: 'నేను విద్యార్థిని' అనడానికి 'ఎస్తోయ్ ఎస్తుదియాంతే' అని రాశారు.

ముందు చూడాల్సింది ఇదే, ఎవరూ చూడరు. తెలుగు వాక్యంలో 'ఉంది, ఉన్నాను' ఉందా? 'నేను విద్యార్థిని', 'ఆమె డాక్టరు', 'ఇది మా ఇల్లు'. వీటిలో క్రియే లేదు. ఎవరు, ఏమిటి అని చెప్పే ఇలాంటి వాక్యాలకు సెర్ వేయాలి: సోయ్ ఎస్తుదియాంతే. మనిషి గానీ వస్తువు గానీ ఎక్కడ ఉందో చెబితే ఎస్తార్: ఎస్తోయ్ ఎన్ కాసా, అంటే నేను ఇంట్లో ఉన్నాను. సగం తప్పులు ఇక్కడే పోతాయి.

సమస్య 2: రూల్ ప్రకారమే రాశారు, అయినా తప్పు వచ్చింది.

నన్నూ చాలాకాలం ఏడిపించింది ఇదే. కారణం 'శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్' అన్న రూల్. వినడానికి బాగుంటుంది, వాడితే ముంచుతుంది. మాడ్రిడ్ స్పెయిన్‌లోంచి ఎక్కడికీ పోదు కదా, అయినా 'మాడ్రిడ్ ఎస్తా ఎన్ ఎస్పాన్యా' అనే అంటారు. చావుకన్నా శాశ్వతం ఏముంది? పిల్లి చనిపోయిందంటే 'ఎల్ గాతో ఎస్తా మ్వెర్తో'. అక్కడా ఎస్తారే. విద్యార్థి జీవితం నాలుగేళ్లలో అయిపోతుంది, దానికేమో సెర్.

పరిష్కారం మన తెలుగులోనే ఉంది. ఎవరినో తీసుకురావడానికి బస్టాండుకి వెళ్తున్నారు, ఆయన్ని మీరెప్పుడూ చూడలేదు. 'ఆయన ఎలా ఉంటాడు?' అని అడుగుతారు. పొడుగ్గా, సన్నగా ఉంటాడని చెబుతారు. అదే మనిషికి జ్వరం వచ్చిందని తెలిస్తే 'ఎలా ఉన్నాడు?' అంటారు. నీరసంగా ఉన్నాడని జవాబు. స్పానిష్‌లో మొదటి ప్రశ్న 'కోమో ఎస్?', రెండోది 'కోమో ఎస్తా?'. ఉంటాడు అంటే సెర్, ఉన్నాడు అంటే ఎస్తార్. ఎంతకాలం ఉంటుందన్న లెక్క కాదిది. మనిషి స్వభావం, రూపం ఎలాంటివో చెబుతున్నారా, ఇప్పుడున్న స్థితి చెబుతున్నారా అన్నదే తేడా.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. క్లాసులో ఒకబ్బాయి 'సోయ్ అబుర్రీదో' అన్నాడు. బోర్ కొడుతోందని చెప్పాలనుకున్నాడు, కానీ 'నేను పరమ బోరింగ్ మనిషిని' అన్నట్టయింది. 'నాకు బోర్‌గా ఉంది' అన్న తెలుగు వాక్యాన్ని తనకు తాను చెప్పుకుని ఉంటే, చివర 'ఉంది' వినిపించి 'ఎస్తోయ్ అబుర్రీదో' వచ్చేది. యాపిల్ విషయంలోనూ ఇంతే. 'లా మాన్సానా ఎస్ వెర్దే' అంటే ఆకుపచ్చ రకం యాపిల్, 'ఎస్తా వెర్దే' అంటే ఇంకా పచ్చిగా ఉంది, పండలేదు.

మరి చచ్చిన పిల్లి సంగతి? తెలుగులో 'తలుపు తీసి ఉంది', 'గ్లాసు పగిలి ఉంది' అంటాం. ఏదో జరిగాక మిగిలిన స్థితి అది. ఇలా 'తీసి, పగిలి, చనిపోయి' తర్వాత 'ఉంది' వస్తే ఎస్తార్: 'లా ప్వెర్తా ఎస్తా అబియెర్తా', తలుపు తీసి ఉంది.

ఒక్క జాగ్రత్త. ఈ ఉంటాడు-ఉన్నాడు పరీక్ష ఎలా అన్నదానికే, ఎక్కడ అన్నదానికి కాదు. 'మా అన్న మాడ్రిడ్‌లో ఉంటాడు' అంటే అక్కడ కాపురం ఉంటున్నాడని అర్థం, దానికి స్పానిష్‌లో వేరే క్రియ ఉంది.

సమస్య 3: 'ఉంది' అని వినిపించింది, ఎస్తార్ వేస్తే తప్పన్నారు.

'ఆకలిగా ఉంది', 'చలిగా ఉంది', 'బల్ల మీద ఒక పుస్తకం ఉంది'. వీటికి సెర్ కాదు, ఎస్తార్ కాదు. తెంగో ఆంబ్రే, ఆసె ఫ్రీయో, ఆయ్ ఉన్ లీబ్రో. మూడూ అలాగే బట్టీ పట్టండి, కారణం వెతక్కండి.

ఇక పెళ్లి, పార్టీ లాంటివి ఎక్కడ అంటే 'లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా', అంటే పార్టీ మా ఇంట్లో ఉంది. ఇక్కడ చోటు చెప్పినా సెర్‌దే రాజ్యం. 'ఉంది' తీసేసి 'జరుగుతుంది' పెడితే వాక్యం నిలబడుతుందా చూడండి, నిలబడితే సెర్. పెళ్లయినవాడినని చెప్పడానికి ఎస్తోయ్ కసాదో, సోయ్ కసాదో రెండూ వినిపిస్తాయి. దాని గురించి ఇప్పుడు బుర్ర పాడుచేసుకోకండి.