ఆఫీసులో మూర్ఛ గురించి ఎలా చెప్పాలి? ఫిట్స్ వస్తే పక్కవాళ్లు ఏం చేయాలి?

మాదాపూర్‌లో షిఫ్టుల్లో పనిచేసే ఒక ఉద్యోగినిని ఉదాహరణగా తీసుకుందాం. మందులు వాడుతున్నా ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫిట్స్ వస్తాయి, సుమారు రెండు నిమిషాల్లో తగ్గిపోతాయి. ఈ సంగతి ఫ్లోర్ అంతటికీ చెప్పక్కర్లేదు. మేనేజరుకి, హెచ్‌ఆర్‌కి, పక్క సీట్లలో కనీసం ఇద్దరికి చెబితే చాలు. ఒక్కరికే చెబితే, వాళ్లు సెలవు పెట్టిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు.

ముందు మేనేజరుకి. విడిగా కూర్చుని చెప్పండి. జబ్బు చరిత్రంతా అవసరం లేదు. "నాకు మూర్ఛ ఉంది, మందులు వాడుతున్నాను. నిద్ర తగ్గితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే రాత్రి షిఫ్టు వేయొద్దని కోరుతున్నాను" అంటే సరిపోతుంది. అదే రోజు ఈ మాటలే హెచ్‌ఆర్‌కి మెయిల్ చేయండి. నోటిమాటగా వదిలేస్తే, మేనేజరు మారగానే మళ్లీ రాత్రి షిఫ్టు పడుతుంది. నా అనుమతి లేకుండా ఎవరికీ చెప్పొద్దని కూడా మెయిల్లో రాయండి. షిఫ్టు గురించి డాక్టరు రాసిన ఉత్తరం జతచేస్తే మంచిది.

తర్వాత పక్కవాళ్లకి. ఫిట్స్ ఎలా ఉంటాయో ముందే చెప్పండి: ఒళ్లు బిగుసుకుంటుంది, కొట్టుకుంటుంది, పెదవులు కాసేపు నీలంగా మారొచ్చు. ఇది తెలియకే చాలామంది కంగారుపడి నోట్లో స్పూను పెడతారు, పళ్లు విరుగుతాయి. పక్కకి ఎలా తిప్పాలో నేలమీద పడుకుని ఒకసారి చేసి చూపించండి. ఈ కాగితం ఇవ్వండి:

1. వెంటనే ఫోన్లో టైము చూడండి. భయంలో ఒక నిమిషం పదిలా అనిపిస్తుంది.
2. కుర్చీలు జరపండి, కళ్లజోడు తీయండి, తల కింద మెత్తటిది పెట్టండి.
3. గట్టిగా పట్టుకోవద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు.
4. కొట్టుకోవడం ఆగగానే పక్కకి తిప్పండి, ఉమ్మి బయటికి పోతుంది.
5. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, గాయమైనా, ఊపిరి సరిగా అందకపోయినా 108కి ఫోన్ చేయండి.
6. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, డాక్టరు ఫోన్ నంబరు, వాడే మందుల పేర్లు.

డాక్టరు ముక్కులో కొట్టే స్ప్రే రాసిస్తే, అది ఏ డ్రాయర్లో ఉందో, ఎప్పుడు, ఎన్నిసార్లు కొట్టాలో డాక్టరు చెప్పినట్టే రాయండి.

తెలివి వచ్చాక కూడా కాసేపు అయోమయంగా, నిద్రమత్తుగా ఉంటుంది. అప్పుడు లేపి నడిపించకుండా, పూర్తిగా తేరుకునేదాకా ఒకరు పక్కన ఉండాలి. ఇంటికి క్యాబులో ఒంటరిగా పంపకుండా ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. మందు మారినప్పుడల్లా పాత కాగితాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వండి.