విశాఖలో కొత్త ఎలక్ట్రిక్ కారు: చార్జింగ్, పార్కింగ్ ఒకేచోట దొరకాలంటే యాప్‌లు ఎలా వాడాలి?

చార్జింగ్ యాప్ తెరిస్తే మ్యాప్ మీద ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. దాన్ని నమ్మి మద్దిలపాలెం దాకా వెళ్తే చార్జర్ బాగానే ఉంటుంది కానీ, దాని ముందు ఎవరిదో పెట్రోల్ కారు తాళం వేసి ఉంటుంది. యాప్ చెప్పింది అబద్ధం కాదు. చార్జర్ కేబుల్ చివర ఉండి కారుకి తగిలించే గన్ వాడకంలో ఉందా, ఖాళీగా ఉందా అన్నదే దానికి తెలుస్తుంది. గన్ ముందున్న జాగా సంగతి దానికి తెలియదు. కొత్తగా ఈవీ కొన్నవాళ్ల టెన్షన్‌లో సగం ఇక్కడే పుడుతుంది. అందుకే చార్జింగ్‌నీ పార్కింగ్‌నీ కలిపి వెతకడం అలవాటు చేసుకోవాలి.

మన ఊళ్లో ఇందుకు ఒక వెసులుబాటు ఉంది. గాజువాక నుంచి మధురవాడ దాకా వెళ్లినా 30 కిలోమీటర్ల లోపే. బ్యాటరీ 20 శాతం ఉన్నా చాలా కార్లు ఆ దూరం వెళ్లగలవు. కాబట్టి దగ్గర్లో ఉన్న చార్జర్ కోసం పరుగెత్తాల్సిన అవసరం లేదు. కాస్త దూరమైనా సరే, బండి పెట్టుకోవడానికి చోటు ఖాయంగా దొరికే చార్జర్‌నే ఎంచుకోండి.

ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని

ముందు మీ కారు మాన్యువల్‌లో రెండు సంఖ్యలు చూడండి. ఏసీ చార్జింగ్‌లో కారు ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది, డీసీ ఫాస్ట్ చార్జింగ్‌లో ఎన్ని తీసుకుంటుంది అన్నవి. ఏసీలో సాధారణంగా 3.3 లేదా 7.2 ఉంటుంది. మీ కారు 3.3 మాత్రమే తీసుకునేదైతే మాల్‌లో 7.2 చార్జర్‌కి పెట్టినా వేగం పెరగదు. డీసీకి ఇప్పటి కార్లలో ఎక్కువగా సీసీఎస్2 పోర్టు వస్తోంది. కొన్ని చిన్న కార్లలో, తక్కువ ధర వేరియంట్లలో డీసీ పోర్టే ఉండదు. అలాంటి కారుకి మ్యాప్‌లో కనిపించే డీసీ చార్జర్లు పనికిరావు. అందుకని యాప్‌లో ఫిల్టర్ తెరిచి మీ పోర్టు రకాన్ని ఒకసారి పెట్టేయండి.

యాప్‌లు రెండు రకాలు. `PlugShare`, గూగుల్ మ్యాప్స్ లాంటివి అన్ని కంపెనీల చార్జర్లనూ చూపిస్తాయి. వెతకడానికి ఇవి కావాలి. చార్జర్ ఆన్ చేసి డబ్బు కట్టడానికి మాత్రం చాలాచోట్ల ఆ చార్జర్ పెట్టిన కంపెనీ యాప్ ఉండాలి. `Tata Power EZ Charge`, `Statiq` లాంటివి ఈ రెండో రకం. మీరు రోజూ తిరిగే దారిలో ఎవరి చార్జర్లు ఎక్కువగా ఉన్నాయో మొదటి రకం యాప్‌లో చూసి, వాళ్లవి రెండో మూడో వేసుకుంటే చాలు. ఓటీపీ, కారు వివరాలు, వాలెట్‌లో కొంత బ్యాలెన్స్, అన్నీ ఇంట్లోనే పూర్తి చేయండి. మాల్ సెల్లార్‌లో సిగ్నల్ సరిగా రాదు. అక్కడ నిలబడి కొత్త యాప్ దించుకుని ఓటీపీ కోసం ఎదురుచూడడం నరకం.

పార్కింగ్ కోసం `Park+` లాంటి యాప్ ఉంచుకోవచ్చు. అయితే డాబా గార్డెన్స్‌లోనో ద్వారకా నగర్‌లోనో రోడ్డు పక్కన ఇప్పుడు ఏ జాగా ఖాళీగా ఉందో అది చెబుతుందని ఆశపడకండి. నాకు ఇంతకన్నా పనికొచ్చేది గూగుల్ మ్యాప్స్ రివ్యూలు. మాల్ పేరు నొక్కి రివ్యూల్లో `parking` అని వెతికితే సెల్లార్ ఎప్పుడు నిండుతుందో, రుసుము ఎంతో, ర్యాంప్ ఎంత ఇరుకో జనం రాసి ఉంటారు. అక్కడే `EV` అని కూడా వెతకండి. ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో చూపే గ్రాఫ్ కూడా అక్కడే ఉంటుంది.

గుర్తు చూసి నమ్మేముందు

మ్యాప్ మీద గుర్తు నొక్కగానే స్థితి కనిపిస్తుంది. `Available` అంటే గన్ ఖాళీ. `Charging` అంటే ఎవరో వాడుతున్నారు. `Faulted` అంటే చార్జర్ తనంతట తానే లోపం పట్టుకుంది, అటు వెళ్లొద్దు. `Offline` అంటే మాత్రం చెడిపోయినట్టే అనుకోనక్కర్లేదు, చార్జర్‌కి నెట్‌వర్క్ అందకపోయినా అలాగే చూపిస్తుంది. కానీ నెట్‌వర్క్ లేని చార్జర్‌ని యాప్‌తో ఆన్ చేయడం కుదరకపోవచ్చు కాబట్టి మీ వరకు రెండూ ఒకటే.

స్థితి కన్నా ముఖ్యమైంది చివరిసారి అక్కడ ఎవరు, ఎప్పుడు చార్జ్ చేసుకున్నారన్నది. ప్లగ్‌షేర్‌లో వాడినవాళ్లు తేదీతో సహా రాస్తారు. నిన్నో మొన్నో ఎవరో పెట్టుకుని ఉంటే మీకూ పనిచేసే అవకాశం ఎక్కువ. చివరి మాట ఆరు నెలల కిందటిదైతే ఆ చార్జర్‌ని లెక్కలోకి తీసుకోకండి. ఫొటోలు కూడా చూడండి. చార్జర్ షోరూమ్ ఆవరణలో ఉంటే రాత్రి గేటు వేసేస్తారు, వేరే కంపెనీ కారుని రానివ్వకపోవచ్చు. హోటల్లో ఉంటే అతిథులకే కావచ్చు. పెట్రోల్ బంకులో ఉన్నది కొత్తవాళ్లకి మేలు. బంకు తెరిచి ఉన్నంతసేపు అక్కడ మనిషి ఉంటాడు, పార్కింగ్ రుసుము గొడవ ఉండదు.

ఇక బయల్దేరే ముందు ఫోన్ చేయండి. యాప్‌లో ఉండే నంబర్ కాల్ సెంటర్‌ది. చార్జర్ ముందు ఏ బండి ఉందో వాళ్లకీ కనిపించదు. బంకు నంబరో, మాల్ పార్కింగ్ నంబరో పట్టుకుంటే ప్రయోజనం. అడగాల్సింది రెండు ముక్కలే.

"అన్నయ్యా, ఈవీ చార్జర్ పనిచేస్తోందా? దాని ముందు బండి ఏమైనా పెట్టారా?"

"పనిచేస్తోందండి. ముందు ఇన్నోవా ఉంది, డ్రైవర్ ఇక్కడే ఉన్నాడు. మీరొచ్చేలోపు తీయిస్తాను."

ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం ఇది.

ఒక ఆదివారం సాయంత్రం లెక్క

ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్‌కి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. కారు బ్యాటరీ 45 యూనిట్లది, అందులో 25 శాతం మిగిలింది. సాయంత్రం బట్టల షాపింగ్, భోజనం కలిపి రెండున్నర గంటల పని. ఏం చేయాలి?

మొదటి దారి డీసీ ఫాస్ట్ చార్జర్. 25 నుంచి 80 శాతానికి తేవాలంటే దాదాపు 25 యూనిట్లు ఎక్కాలి. 60 కిలోవాట్ల చార్జర్ మీద మీరొక్కరే ఉంటే, కారు కూడా అంత వేగం తీసుకోగలిగేదైతే, ముప్పావు గంటలోపు అయిపోతుంది. పక్క గన్‌కి ఇంకో కారు వస్తే చాలాచోట్ల ఆ 60 రెండుగా చీలి చెరో 30 అవుతుంది, అప్పుడు మీకు గంట పట్టొచ్చు. యాప్‌లో యూనిట్ 20 రూపాయలని ఉంటే 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు. యాప్‌లో చూపే ధర జీఎస్టీ కలిపిందో కాదో ముందే చూసుకోండి. చార్జింగ్ అయ్యాక కారు తీసి, జగదాంబ దగ్గరో ఇంకోచోటో మళ్లీ పార్కింగ్ వెతుక్కోవాలి. ఆదివారం సాయంత్రం అసలు కష్టం అదే.

రెండో దారి, మీరు వెళ్లాలనుకున్న మాల్ సెల్లార్‌లోనే 7.2 కిలోవాట్ల ఏసీ చార్జర్ ఉందేమో చూడడం. మీ కారు ఆ వేగం తీసుకోగలిగేదైతే రెండున్నర గంటల్లో 18 యూనిట్ల దాకా ఇస్తుంది. కొంత వృథా పోయినా బ్యాటరీ 60 శాతం దాటుతుంది. నగరంలో తిరిగేవాళ్లకి అది నాలుగైదు రోజులకి సరిపోతుంది. పైగా చార్జింగ్, పార్కింగ్ ఒకే జాగాలో తేలిపోతాయి. అందుకే ఆ సాయంత్రం నేనైతే రెండో దారే ఎంచుకుంటాను. ఫాస్ట్ చార్జర్ ఊరు దాటి వెళ్లే రోజుకి ఉంచుకుంటాను. ఒక జాగ్రత్త: కొన్ని ఏసీ చార్జర్లకి గన్ ఉండదు, సాకెట్ మాత్రమే ఉంటుంది. ఫొటోలో కేబుల్ కనిపించకపోతే మీ టైప్2 కేబుల్ డిక్కీలో ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.

సెల్లార్ నిండిపోయి లిఫ్టుతో ఎత్తిపెట్టే మెకానికల్ పార్కింగ్‌కి పంపితే, అక్కడి బోర్డు మీద బరువు పరిమితి చదవండి. బ్యాటరీ వల్ల ఈవీ అదే సైజు పెట్రోల్ కారు కన్నా బరువు ఎక్కువ.

గన్ పెట్టాక మొదటి నిమిషం

కారు ఆపి, గన్ పోర్టులో పూర్తిగా నొక్కి, తర్వాత యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేయండి. చార్జర్‌కి రెండు గన్‌లుంటే మీరు పట్టుకున్నది ఎన్నో నంబరో చూసి అదే ఎంచుకోండి. టక్కున లాక్ పడిన చప్పుడు వినిపించాలి. వెంటనే వెళ్లిపోకండి. తెరమీద కిలోవాట్ల అంకె పెరిగి ఒకచోట నిలబడేదాకా ఉండండి. సున్నా దగ్గరే ఉండిపోయినా, మొదలై ఆగిపోయినా ఎక్కువసార్లు కారణం గన్ సరిగా కూర్చోకపోవడమే. డీసీ కేబుల్ బరువుకి గన్ కిందికి వాలుతుంది. యాప్‌లో ఆపి, గన్ తీసి, ఈసారి కేబుల్‌ని ఒక చేత్తో ఎత్తిపట్టి మళ్లీ పెట్టండి. అప్పటికీ కాకపోతే రెండో గన్ చూడండి. డబ్బు కోతపడి చార్జింగ్ మొదలుకాకపోతే తెరమీది లోపం కోడ్, చార్జర్ నంబర్, సమయం కనిపించేలా ఫొటో తీసి ఫిర్యాదుకి జత చేయండి. అవి ఉంటే డబ్బు వెనక్కి రప్పించుకోవడం తేలిక.

మనది సముద్రపు గాలి. గన్ లోపలి పిన్నుల మీద ఆకుపచ్చగా తుప్పు పేరుకున్నా, నల్లగా కాలిన మచ్చలున్నా, నీళ్లు నిలిచినా ఆ గన్ వాడకండి. వానాకాలంలో తడి వల్ల ఇన్సులేషన్ లోపమని చూపి చార్జర్ ఆగిపోతుంది. అది రక్షణ కోసమే, బలవంతంగా మళ్లీమళ్లీ ప్రయత్నించొద్దు.

80 శాతానికి అలర్ట్ పెట్టుకోండి. ఆ తర్వాత డీసీలో వేగం బాగా పడిపోతుంది, మిగిలిన 20 శాతానికే చాలాసేపు పడుతుంది. చార్జింగ్ అయ్యాక కూడా కారు అక్కడే ఉంచితే కొన్ని కంపెనీలు నిమిషాల లెక్కన అదనంగా వసూలు చేస్తాయి. గన్ పోర్టులోంచి రాకపోతే లాగకండి. యాప్‌లో చార్జింగ్ ఆగిందో లేదో చూసి, కారుని తాళంతో ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చేయండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు యాప్‌ల మీద ఆధారపడొద్దు. పబ్లిక్ చార్జర్ నడవాలంటే కరెంటూ ఉండాలి, మొబైల్ నెట్‌వర్కూ ఉండాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రెండూ రోజుల తరబడి లేవు. అందుకే హెచ్చరిక రాగానే, జనం క్యూ కట్టకముందే 90 శాతం పైకి నింపుకోండి. కారుని నీళ్లు చేరే సెల్లార్‌లో కాకుండా, చెట్లూ హోర్డింగులూ లేని ఎత్తైన జాగాలో పెట్టండి.