శ్రావణం పెళ్లిళ్లు వస్తున్నాయి: బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలకు ముందు జాగ్రత్తలు

విశాఖలో పెళ్లికూతురి మేకప్ చేసేవాళ్లు కుర్చీ వేసే ముందే ఇవి చూసుకోండి.

• అనుమతి మేకప్ మొదలవ్వక ముందే, వాట్సాప్‌లో రాయించుకోండి. "ఫొటో తీయనా?" అంటే తలూపింది తీయడానికే, ఇన్‌స్టాలో పెట్టడానికి కాదు. పోయినేడాది ఎంవీపీ కాలనీలో ఒకమ్మాయి మొటిమల ముఖం అడక్కుండా పెట్టేశాను. గంటలో తీసేసినా, స్క్రీన్‌షాట్ అప్పటికే అత్తగారి గ్రూపులో తిరిగింది. ఇప్పుడు ఇలా పంపుతున్నాను: "మీ రెండు ఫొటోలూ పెళ్లయ్యాక మా ఇన్‌స్టా పేజీలో పెట్టొచ్చా? ముఖమంతానా, కళ్లు మాత్రమేనా? ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం." జవాబు వాళ్లమ్మ నుంచి కాదు, ఆ అమ్మాయి ఫోన్ నుంచే రావాలి.

• బిఫోర్ ఫొటో ప్రైమర్ పెట్టక ముందే తీయండి. తర్వాత దొరకదు.

• కిటికీ వెలుగును నమ్మొద్దు. మేకప్ అయ్యే రెండు గంటల్లో ఎండ మారిపోతుంది, చూసేవాళ్లకు తేడా మేకప్‌దో ఎండదో తెలీదు. కర్టెన్ వేసి రెండింటికీ ఒకే లైటు పెట్టండి. కుర్చీకి, మీరు నిలబడే చోటుకి నేల మీద టేపు అంటించండి.

• మన ఉక్కకు ముఖం జిడ్డుగా మెరుస్తుంది. బిఫోర్‌కీ టిష్యూతో అద్దండి, లేకపోతే అది మోసమే.

• బ్యూటీ మోడ్ రెండుసార్లూ ఆపే ఉండాలి.