గోయింగ్ కన్సర్న్ అనుమానం: ఎంఫసిస్ పేరా ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు?

సమస్య

ఒక స్పిన్నింగ్ మిల్లు ఆడిట్ అనుకుందాం. మూడేళ్లుగా నష్టాలు, బ్యాంకు లిమిట్ రెన్యువల్ కాలేదు. డ్రాఫ్ట్ రిపోర్టులో ‘ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్’ కింద ‘ప్రమోటర్ల అండ ఉన్నందున గోయింగ్ కన్సర్న్ పద్ధతిలో లెక్కలు తయారుచేశారు, నోట్ 32 చూడండి’ అని ఉంది. రివ్యూలో ఇది నిలవదు.

కారణం

పాత రిపోర్టు తీసి పేర్లు మార్చడమే ఎక్కువసార్లు దీనికి కారణం. 2017 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సంవత్సరాలకు సవరించిన ఎస్‌ఏ 570 వర్తిస్తుంది. గోయింగ్ కన్సర్న్‌పై మెటీరియల్ అన్‌సర్టెనిటీ ఉంటే దానికి విడిగా ఒక సెక్షన్ పెట్టాలి. ఎంఫసిస్ పేరా దానికి బదులు కాదు.

అసలు పొరపాటు ఇంకా ముందే జరిగింది. ప్రమోటర్ ఉత్తరాన్ని డబ్బుగా లెక్కేశారు.

పరిష్కారం

బ్యాలెన్స్ షీట్ తేదీ నుంచి కనీసం 12 నెలల క్యాష్ ఫ్లో అంచనా అడగండి. మన మిల్లుకి అందులో 5 కోట్లు తక్కువ పడింది. మేనేజ్‌మెంట్ చూపించినవి రెండు: ప్రమోటర్ 3 కోట్లు తెస్తారు, స్థలం అమ్మితే 2.5 కోట్లు వస్తాయి. కాగితం మీద సరిపోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే ప్రమోటర్ నుంచి వచ్చింది 1 కోటే. మిగతాది తేగల స్తోమతకు ఆధారం లేదు. స్థలానికి 10 లక్షల బయానా తప్ప రిజిస్ట్రేషన్ జరగలేదు. దాదాపు 4 కోట్లకు భరోసా లేదు. ఇది మెటీరియల్ అన్‌సర్టెనిటీయే.

ఇప్పుడు నోట్ 32 చదవండి. అందులో ‘ప్రమోటర్ల అండ ఉంది’ అని మాత్రమే ఉంటే చాలదు. కష్టం ఏమిటో, దాన్ని దాటడానికి ఏం చేస్తున్నారో, అయినా కంపెనీ కొనసాగుతుందా అన్నదానిపై గట్టి అనుమానం కలిగించే అనిశ్చితి ఉందని నోట్‌లో సూటిగా రాయాలి. అలా రాస్తే ఒపీనియన్ మారదు, విడి సెక్షన్ వస్తుంది. రాయనంటే క్వాలిఫైడ్ గానీ అడ్వర్స్ గానీ ఇవ్వాలి. క్లయింటు బతిమాలాడని ఎంఫసిస్ పేరాతో సర్దుబాటు చేయడం తప్పు. ఆ రిపోర్టు నమ్మి నూలుకి పత్తి అప్పిచ్చేవాళ్లు ఉంటారు. సీఏఆర్‌ఓ 2020లోని 19వ క్లాజు జవాబుకీ దీనికీ పొంతన కుదరాలి. అక్కడ ‘ఏడాదిలోపు బాకీలు తీర్చగలదు’ అని రాసి, ఇక్కడ అనుమానం రాయకూడదు.

మరి ఎంఫసిస్ పేరా ఎప్పుడు? మరుసటి ఏడాది మిల్లు మూసేయాలని నిర్ణయించి, యంత్రాలు అమ్మితే వచ్చే విలువకే లెక్కలు తయారుచేశారనుకోండి. ఆ పద్ధతి సరైనదే, నోట్‌లో పూర్తిగా చెప్పారు కూడా. అప్పుడు ఒపీనియన్ మార్చకుండా, ఆ నోట్ వైపు చదివేవాళ్ల దృష్టి మళ్లించడానికి ఈ పేరా సరిగ్గా సరిపోతుంది. మూసేస్తున్నా గోయింగ్ కన్సర్న్ పద్ధతిలోనే లెక్కలు రాస్తే, నోట్ ఎంత బాగున్నా, అడ్వర్స్ ఒపీనియనే.