డబుల్ ఇంటిగ్రల్స్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఫొటోలో వచ్చిన లెక్క

పోయిన పాఠంలో దీర్ఘచతురస్రాల మీద, త్రిభుజాల మీద లెక్కలు చేశాం. ఈసారి హద్దుల్లో ఒక వంపు గీత ఉన్న లెక్క చేద్దాం. కావలి నుంచి బీటెక్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకామె రాత్రి పదిన్నరకు ఫోన్‌లో ఫొటో పంపింది. "సార్, రేపు ఇంటర్నల్ ఉంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ మధ్యలోనే ఆగిపోతా ఉంది" అంది. ఫొటోలో నోట్‌బుక్ కుడి అంచు తెగిపోయింది. ట్యూబ్‌లైట్ వెలుగు పేజీ మధ్యలో పడి అక్కడ తెల్లగా అయిపోయింది. కనిపించినంత వరకు లెక్క ఇది:

```
∫[0 → 4] ∫[?x → 2]  1/(1+y³)  ...
```

చివర ఉండాల్సిన `dy dx` ఫొటోలో పడలేదు. లోపలి ఇంటిగ్రల్ కింది లిమిట్‌లో `x` కనిపిస్తోంది, దాని ముందు ఏదో గీత ఉందో లేదో తెలియడం లేదు. ఇలాంటప్పుడు నోటికి వచ్చినట్టు ఊహించి లెక్క మొదలుపెట్టకూడదు. ఫొటోలో ఉన్నదే చాలావరకు మనకు దారి చూపిస్తుంది.

ముందు `dy dx` సంగతి చూద్దాం. లోపలి ఇంటిగ్రల్ లిమిట్‌లో `x` ఉంది కాబట్టి లోపల `x` మీద ఇంటిగ్రేట్ చేయడం కుదరదు. లోపల ఉండాల్సింది `dy`. బయటి లిమిట్లు రెండూ అంకెలే, 0 నుంచి 4, అవి `x` వి. అంటే తెగిపోయిన ముక్క `dy dx` అని ఖాయమైంది.

ఇక కింది లిమిట్ `x` అయి ఉంటుందా, `√x` అయి ఉంటుందా? ఇక్కడే బొమ్మ కావాలి. `x` అనుకుంటే `y = x` అనే గీత పైనున్న `y = 2` గీతను `x = 2` దగ్గరే తాకి దాటిపోతుంది. మన `x` మాత్రం 4 దాకా వెళ్తోంది. అంటే 2 నుంచి 4 వరకు కింది హద్దు పై హద్దుకంటే పైకి పోతుంది. అలాంటి ఇంటిగ్రల్ రాయకూడదని కాదు, ఆ ముక్కకు గుర్తు మారి వస్తుందంతే. కానీ ప్రాంతం గీసి చేయమనే లెక్కల్లో అలా ఇవ్వరు. `√x` అనుకుంటే `x = 4` దగ్గర `√4 = 2`. కింది గీత, పై గీత సరిగ్గా ఆ మూలలోనే కలిశాయి. హద్దులు మూలల దగ్గర ఇలా అతుక్కుంటే మనం చదివింది చాలావరకు సరైనదే. అయినా ఆ ఒక్క చోటు దగ్గరగా ఇంకో ఫొటో తీసి పంపమన్నాను. `√x` అనే ఉంది.

ఇప్పుడు బొమ్మ గీయండి. చదవడం ఆపి, నిజంగానే కాగితం తీసుకోండి. `x` అక్షం మీద 4 దాకా, `y` అక్షం మీద 2 దాకా గుర్తులు పెట్టండి. `y = √x` కోసం మూడు బిందువులు చాలు: (0,0), (1,1), (4,2). వాటిని వంపుగా కలపండి. `y = 2` దగ్గర అడ్డగీత గీయండి. మనకు కావలసినది వంపుకు పైన, అడ్డగీతకు కింద, `y` అక్షానికి కుడివైపున ఉన్న భాగం. దాని మూలలు (0,0), (0,2), (4,2). ఆ భాగాన్ని పెన్సిల్‌తో నింపండి.

లెక్క ఇచ్చిన వరసలో చేస్తే ఈ ప్రాంతాన్ని నిలువు ముక్కలుగా కోస్తున్నట్టు. ఒక్కో ముక్క వంపు దగ్గర మొదలై `y = 2` దగ్గర ఆగుతుంది. అలా చేస్తే ముందు `1/(1+y³)` ను `y` మీద ఇంటిగ్రేట్ చేయాలి. పార్షియల్ ఫ్రాక్షన్స్‌తో అది వస్తుంది, కానీ లాగ్, టాన్ ఇన్వర్స్ కలిసిన పొడుగాటి జవాబు వస్తుంది. అందులో `y` బదులు `√x` పెట్టి మళ్లీ `x` మీద ఇంటిగ్రేట్ చేయాలి. ఆ అమ్మాయి మూడుసార్లూ ఆగిపోయింది ఇక్కడే.

మొలగొలుకులు వేసిన మడిని ఉత్తరం నుంచి దక్షిణానికి కోసుకుంటూ పోయినా, తూర్పు నుంచి పడమరకు కోసినా వచ్చే వడ్లు అవే. ఇక్కడా అంతే. మన ప్రాంతంలో `y` ఎక్కడా 0 కంటే తగ్గదు, అందుకే `1+y³` సున్నా కాదు, ఫంక్షన్ ఎక్కడా తెగదు. కాబట్టి కోత దిశ ధైర్యంగా మార్చుకోవచ్చు. దీన్నే ఫుబిని సిద్ధాంతం అంటారు.

దిశ మార్చడమంటే లిమిట్లను అటూ ఇటూ తిప్పి రాయడం కాదు. `∫[√x → 2] ∫[0 → 4] dx dy` అని రాస్తే బయటి లిమిట్‌లో `x` మిగిలిపోతుంది, జవాబు అంకెగా రాదు. లిమిట్లను బొమ్మ నుంచి కొత్తగా చదువుకోవాలి. ప్రాంతం గుండా ఒక అడ్డగీత గీసి, ఎడమ నుంచి కుడికి దాని మీద వేలు జరపండి. వేలు లోపలికి వచ్చేది `y` అక్షం దగ్గర, అంటే `x = 0`. బయటికి పోయేది వంపు దగ్గర. `y = √x` ను తిప్పి రాస్తే `x = y²`. ఈ అడ్డగీతలు కిందన `y = 0` నుంచి పైన `y = 2` వరకు ఉంటాయి.

ఈ మాట చెప్పాక ఆమె రాసి పంపింది: `x` లిమిట్లు `y²` నుంచి 4. "4 దాకా ఉంది కదా సార్" అంది. ఈ తప్పు చాలామంది చేస్తారు, అందుకే కాస్త ఆగి చూద్దాం. ప్రాంతంలో ఒక బిందువు తీసుకుందాం, (1, 1.5). మొదటి లిమిట్లలో పెడితే `√1 = 1`, 1.5 అనేది 1 కి, 2 కి మధ్యలో ఉంది, సరిపోయింది. ఆమె లిమిట్లలో పెడితే `y² = 2.25`, `x` దానికంటే ఎక్కువ ఉండాలి, కానీ మన `x` 1 మాత్రమే. బిందువు బయట పడింది. అంటే ఆమె తీసుకున్నది వంపుకు కుడివైపున, కింద ఉన్న భాగం. వైశాల్యంతోనూ ఇది బయటపడుతుంది. మొదటి వరసలో `2 - √x` ను 0 నుంచి 4 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 8/3. ఆమె లిమిట్లతో 16/3 వస్తుంది. 0 నుంచి `y²` తీసుకుంటే మళ్లీ 8/3. వరస మార్చిన ప్రతిసారీ ఫంక్షన్ బదులు 1 పెట్టి ఈ పరీక్ష చేయండి, నిమిషం కూడా పట్టదు.

ఇక మిగిలింది సులువు. లోపల `x` మీద ఇంటిగ్రేట్ చేస్తుంటే `1/(1+y³)` మామూలు అంకెలాంటిదే, కాబట్టి `y²` తో గుణిస్తే చాలు:

```
∫[0 → 2] y²/(1+y³) dy
u = 1+y³,  du = 3y² dy,  u: 1 → 9
= (1/3) ln 9 ≈ 0.732
```

పైన `y²` దానంతట అదే వచ్చి `du` కి సరిపోయింది చూశారా? ఫంక్షన్‌లో `y³` ఒక్కటే ఉండి దాని డెరివేటివ్ కనిపించకపోతే, వరస మార్చమని లెక్కే అడుగుతున్నట్టు. జవాబు నమ్మదగిందో లేదో కూడా చూడవచ్చు. ఈ ప్రాంతంలో ఫంక్షన్ 1/9 కి, 1 కి మధ్య ఉంటుంది. వైశాల్యం 8/3. కాబట్టి జవాబు 0.296 కి, 2.667 కి మధ్య ఉండాలి. 0.732 ఆ మధ్యలోనే ఉంది.

అయితే ప్రతి లెక్కకూ వరస మార్చకండి. `x` 0 నుంచి 2, `y` `x` నుంచి `6-2x` వరకు ఉన్న త్రిభుజం గీసి చూడండి. అడ్డగీతలు గీస్తే `y = 2` కి కింద కుడి హద్దు `x = y`, పైన `x = (6-y)/2`. అంటే లెక్క రెండు ముక్కలవుతుంది. ఫంక్షన్ `x` లాంటి సులువైనదైతే ఇచ్చిన వరసలోనే చేసేయండి, జవాబు 4 వస్తుంది.

వచ్చే పాఠం లోపు ఇది చేసి ఉంచండి. ముందు బొమ్మ, తర్వాత వైశాల్య పరీక్ష, ఆ తర్వాతే లెక్క:

```
∫[y=0 → 1] ∫[x=3y → 3]  e^(x²)  dx dy
```

`(e⁹ - 1)/6` రావాలి. రాకపోతే మీ బొమ్మలో (2, 0.5) అనే బిందువు నింపిన భాగంలో ఉందో లేదో చూసుకోండి.