వెంచర్‌కు పేరు పెట్టడం - 3వ పాఠం: మాటకో పరీక్ష

పోయిన పాఠంలో పేర్ల జాబితా రాసుకున్నాం. ఇప్పుడు అందులో ఒక పేరు తీసుకుని మాటమాటా విడగొట్టి చూద్దాం. మన లెక్క కోసం షాద్‌నగర్ వైపు 12 ఎకరాల లేఅవుట్ ఉందనుకోండి. ఓనర్ మనసుపడ్డ పేరు ‘లేక్ వ్యూ గేటెడ్ టౌన్‌షిప్’. ముందు రెండు కాగితాలు బల్ల మీద పెట్టుకోండి: ఒకటి అనుమతి పొందిన లేఅవుట్ కాపీ, రెండోది గ్రామ పటం. బ్రోచర్ జోలికి వెళ్లొద్దు. అది మనం రాసిందే, సాక్ష్యం కాదు.

మొదటి మాట ‘లేక్’. గ్రామ పటంలో పక్కన ఒక కుంట ఉంది. వేసవిలో వెళ్లి చూస్తే పగిలిన మట్టి, నాలుగు తుమ్మచెట్లు. పైగా అది మన హద్దు అవతల ఉంది. ముందు వరుసలో ఇళ్లు లేచాక వెనక ప్లాట్లకు అది కనిపించదు కూడా. ఇలాంటి వెంచర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు సైటు చూడటానికి వచ్చి, చేతిలో బ్రోచర్‌తో కుంట గట్టు మీద నిలబడి, ‘లేక్ ఏది బాబూ?’ అని నన్ను అడిగారు. నేను చేయి చాపాను. ఆయన అటు చూసి, మళ్లీ బ్రోచర్ చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అందుకే ఈ మాటకు నా పరీక్ష ఒక్కటే: ఏప్రిల్, మే నెలల్లో, చివరి ప్లాటులో నిలబడి చూసినా ఆ మాట నిజమేనా?

రెండో మాట ‘గేటెడ్’. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మామూలు ఓపెన్ ప్లాట్ల లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చేస్తాం. రాసిచ్చిన రోజు నుంచి అవి ఊరి రోడ్లు. పక్క చేను రైతు ట్రాక్టర్ వేసుకుని వెళ్తానంటే గేటు మూసి ఆపే హక్కు మనకు ఉండదు. ఆర్చి కట్టుకోవచ్చు, వాచ్‌మన్‌ను పెట్టుకోవచ్చు, అంత మాత్రాన గేటెడ్ కాదు. గేటెడ్ కమ్యూనిటీగానే అనుమతి తెచ్చుకుంటేనే ఆ మాట వాడాలి. మీ లేఅవుట్ కాపీలో ఆ మాట లేకపోతే పేరులోనూ ఉండకూడదు.

‘టౌన్‌షిప్’ సంగతి త్వరగా తేలుతుంది. ఆ మాట వినగానే బడి, దుకాణాలు, ఆస్పత్రి అనుకుంటారు. 12 ఎకరాలంటే 58,080 గజాలు. అందులో పదో వంతు ఖాళీ స్థలంగా వదిలితే 5,808 గజాలు, ఆపైన రోడ్లు పోతాయి. బడి, దుకాణాల కోసం విడిగా గుర్తించిన స్థలం కాపీలో లేదు. కొట్టేయండి.

ఇక మిగిలింది ‘వ్యూ’. ఒంటరిగా ఏం చేస్తుంది?

ఇదేదో మర్యాద కోసం చేసే పని కాదు. 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లు వెనక్కి తగ్గితే వడ్డీతో సహా సొమ్ము తిరిగి ఇవ్వాలి. హోర్డింగ్ మీద అందరికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది పేరే కదా.

మరి ఏం పేరు పెడదాం? ఆ భూమిని ఊరివాళ్లు ఏమని పిలుస్తారో ముందు అడగండి. మన 12 ఎకరాల మలుపు దగ్గర ఊడలమర్రి ఉంది, బస్సు కండక్టరూ ‘ఊడలమర్రి దిగేవాళ్లు రండి’ అంటాడనుకుందాం. ‘ఊడలమర్రి ప్లాట్స్’ బాగుంటుంది. చెట్టు మన స్థలంలో లేదు కదా అంటే, అది సౌకర్యం కాదు, గుర్తు. రేపు రోడ్డు వెడల్పు చేసి చెట్టు కొట్టేసినా ఆ చోటును అలాగే పిలుస్తారు. ఒక్క జాగ్రత్త: బ్రోచర్ మీద చెట్టును మన పార్కులో ఉన్నట్టు గీయించకండి.

‘ఇలా పేరు పెడితే ప్లాట్లు పోవండీ’ అని ఏజెంట్లు టెన్షన్ పడతారు. వాళ్లకు పేరు కింద రెండో వరుస ఇవ్వండి: లేఅవుట్ అనుమతి నంబర్, రెరా నంబర్, రోడ్లు ఎన్ని అడుగులు. ఫోన్ చేసినవాళ్లు నిజంగా అడిగేవి అవే.

ఈ వారం అభ్యాసం: మీ జాబితాలోంచి ‘ఎయిర్‌పోర్ట్’, ‘మెట్రో’, ‘రీజినల్ రింగ్ రోడ్డు’ ఉన్న పేరు ఒకటి తీసుకోండి. ఆ చోటికి బండి మీద వెళ్లి, ఆర్చి దగ్గర నుంచి మీటరులో కిలోమీటర్లు చూసి రాసుకోండి. ఇంకా పడని రోడ్డయితే దూరం గడిలో గీత పెట్టి వదిలేయండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాం.