ఆన్‌సైట్ జీతానికి రెండు దేశాల్లో పన్ను: జూలైలో రిటర్న్ వేసే ముందు జాగ్రత్తలు

కంపెనీ పంపితే నాలుగైదు నెలలు అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చినవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: "అక్కడి జీతానికి అక్కడే పన్ను కట్టేశాం కదా, ఇక్కడ చూపించడం ఎందుకు?" ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకుమించి మన దేశంలో ఉంటే మీరు ఇక్కడి రెసిడెంటే. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లయితే, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయం ఇక్కడి రిటర్న్‌లోకి రావాల్సిందే. పని చేసింది తమ గడ్డ మీద, జీతం ఇచ్చింది తమ కంపెనీ కాబట్టి అమెరికా కూడా పన్ను తీసుకుంటుంది. రెండుసార్లు కట్టే బాధ తప్పించేది విదేశీ పన్ను క్రెడిట్. కానీ అది దానంతట అదే రాదు, అడిగి తీసుకోవాలి. ఎంత అడగాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో పనిచేసే ఒక ఇంజనీరు 2025 జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు డల్లాస్‌లో ఉన్నాడనుకోండి. జీతం అమెరికా కంపెనీ పేరోల్ మీద నెలకు 8,000 డాలర్లు, ఐదు నెలలకు 40,000. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాబట్టి లెక్క కాస్త తేలిక. అక్కడ ఉన్నది 153 రోజులే, అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు కాబట్టి అమెరికాకు అతను నాన్ రెసిడెంట్. అతను వేయాల్సింది 1040-ఎన్‌ఆర్ రిటర్న్.

ఇప్పుడు ఏడాది జీతం, కోసిన పన్నులు చూపిస్తూ అమెరికా కంపెనీ ఇచ్చే పత్రం, అంటే అతని డబ్ల్యూ-2 తీసి చూడండి. బాక్స్ 2లో ఫెడరల్ పన్ను కింద కోసింది సుమారు 6,680 డాలర్లు ఉంటుంది. చాలామంది ఈ అంకెనే తెచ్చి క్రెడిట్‌గా వేసేస్తారు. అది తప్పు. పేరోల్ వాళ్లు నెలకు 8,000 అంటే ఏడాదికి 96,000 వస్తుందన్న లెక్కలో కోస్తారు. నిజానికి ఆ ఏడాది అక్కడ వచ్చింది 40,000 మాత్రమే. స్టాండర్డ్ డిడక్షన్ లేకుండా లెక్కేసినా 2025 స్లాబుల ప్రకారం అసలు పన్ను సుమారు 4,560 డాలర్లే. మిగతా 2,120 డాలర్లు రిఫండ్‌గా తిరిగి వస్తాయి. అక్కడ వెనక్కి వచ్చే డబ్బుకు ఇక్కడ క్రెడిట్ తీసుకుంటే అది ఎక్కువ క్లెయిమ్ అవుతుంది. కాబట్టి ముందు ఏప్రిల్ 15 లోపు అమెరికా రిటర్న్ వేయండి. అందులో 24వ లైన్‌లో ఉండే మొత్తం పన్నే మీ అసలు అంకె. ఆ తర్వాతే ఇక్కడి రిటర్న్ ముట్టుకోండి.

అదే డబ్ల్యూ-2లో బాక్స్ 4, బాక్స్ 6 కూడా ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, మన ఉదాహరణలో రెండూ కలిపి 3,060 డాలర్లు. పే స్లిప్‌లో పన్నుల పక్కనే కనిపిస్తాయి కాబట్టి వీటినీ కలిపేయాలనిపిస్తుంది. భారత్, అమెరికాల పన్ను ఒప్పందం సోషల్ సెక్యూరిటీ పన్నులను క్రెడిట్ లెక్క నుంచి స్పష్టంగా మినహాయించింది. ఇదివరకు కట్టినవి ఎదురు లెక్క వేసుకోవడానికి రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం కూడా లేదు. ఇంత డబ్బు ఊరికే పోవడం బాధగానే ఉంటుంది, కానీ ఈ లెక్కలో దానికి చోటు లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల పనిచేసినవాళ్లకు బాక్స్ 17లో రాష్ట్ర పన్ను ఉంటుంది. ఆ పన్ను ఈ ఒప్పందం పరిధిలోకి రాదు. కోర్టుల్లో కొందరికి క్రెడిట్ దక్కింది గానీ వివాదం ఉన్న విషయం. ఆడిటర్‌తో మాట్లాడకుండా వేయొద్దు.

ఇక రూపాయల్లోకి వద్దాం. ఏ నెల జీతమైతే దాని ముందు నెల చివరి రోజు ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు, అంటే ఆ బ్యాంకు డాలర్లు కొనే రేటు వాడాలి. జూన్ జీతానికి మే 31 రేటు అన్నమాట. ఆ నెలలో కోసిన పన్నుకూ అదే పద్ధతి. గూగుల్‌లో కనిపించే రేటు, బ్యాంకు మీకు ఇచ్చిన రేటు పనికిరావు. పాత రేట్లు తర్వాత వెతకడం తలనొప్పి, అందుకే అక్కడ ఉన్నప్పుడే నెలనెలా ఎస్‌బీఐ రేట్ల షీటు దాచిపెట్టుకోండి. ఇక్కడ లెక్క సులువుగా ఉండటానికి అన్ని నెలలకూ 86 రూపాయలనుకుందాం. అమెరికా జీతం 34.4 లక్షలు, అసలు పన్ను సుమారు 3.92 లక్షలు.

మిగతా ఏడు నెలల ఇండియా జీతం, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 15.6 లక్షలనుకుంటే మొత్తం ఆదాయం 50 లక్షలు. కొత్త విధానంలో సెస్సుతో కలిపి పన్ను 11,23,200 రూపాయలు, అంటే సగటున 22.46 శాతం. ఆ సగటున అమెరికా జీతం మీద ఇక్కడి పన్ను 7.73 లక్షలవుతుంది. ఈ 7.73 లక్షలు, అక్కడ కట్టిన 3.92 లక్షలు, రెండింటిలో ఏది తక్కువైతే అదే క్రెడిట్. కాబట్టి 3.92 లక్షలు. ఒకవేళ అక్కడి పన్నే ఎక్కువైతే ఆ తేడా పోయినట్టే, వచ్చే ఏడాదికి తీసుకెళ్లే వీలు లేదు.

అందరికీ షాక్ తగిలేది ఇక్కడే. ఇండియా కంపెనీ తన దగ్గరి 15.6 లక్షలు మాత్రమే చూసి, కింది స్లాబుల్లో సుమారు 1.19 లక్షల టీడీఎస్ కోసి ఊరుకుంటుంది. అమెరికా జీతం వచ్చి చేరేసరికి చాలా భాగం 30 శాతం స్లాబులో పడుతుంది. 11.23 లక్షల్లోంచి టీడీఎస్, క్రెడిట్ రెండూ తీసేసినా ఇంకా 6.12 లక్షలు చేతి నుంచి కట్టాలి! జూలై దాకా తెలియకపోతే అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు వడ్డీ నెలకు ఒక శాతం చొప్పున సుమారు 55 వేలవుతుంది. అందుకే విమానం ఎక్కేముందే ఈ లెక్క వేసుకుని జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15వ తేదీల వాయిదాలు కట్టుకుంటూ రావాలి.

రిటర్న్ వేసేటప్పుడు ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వాడాలి. అమెరికా జీతాన్ని జీతాల షెడ్యూల్‌లోనూ, షెడ్యూల్ ఎఫ్‌ఎస్‌ఐలోనూ, క్రెడిట్‌ను షెడ్యూల్ టీఆర్‌లోనూ చూపాలి. అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా షెడ్యూల్ ఎఫ్‌ఏలోకి వెళ్తుంది. ఇది మాత్రం క్యాలెండర్ సంవత్సరం లెక్క. ఖాతాల వివరాలను రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకుంటున్నాయి కాబట్టి వదిలేస్తే దొరకదనుకోవద్దు.

వీటన్నిటికంటే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో విదేశీ పన్ను క్రెడిట్ అడిగే ఫారం 67 వేయండి. డబ్ల్యూ-2, 1040-ఎన్‌ఆర్ కాపీ, పన్ను కోసినట్టు చూపే పే స్లిప్పులు జతచేయాలి. 2022లో మార్చిన నిబంధన ప్రకారం, రిటర్న్ గడువులోనో ఆలస్య రిటర్న్ గడువులోనో వేసి ఉంటే, 2025-26 ఆదాయానికి ఫారం 67 గడువు 2027 మార్చి 31. అయినా అంతదాకా ఆగొద్దు. రిటర్న్ ప్రాసెస్ అయ్యేనాటికి ఫారం లేకపోతే క్రెడిట్ మొత్తం తీసేసి బెంగళూరులోని రిటర్న్‌ల ప్రాసెసింగ్ కేంద్రం నుంచి డిమాండ్ నోటీసు వచ్చే ప్రమాదం ఉంది. ఆలస్యమైనా క్రెడిట్ ఇవ్వాలని ట్రిబ్యునళ్లు చెప్పిన కేసులున్నాయి, కానీ ఫారం మరిచిపోయి అప్పీలుకు తిరగడం ఎందుకు? 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయం కొత్త ఆదాయపు పన్ను చట్టం కిందికి వస్తుంది కాబట్టి ఫారం నంబర్లు మళ్లీ సరిచూసుకోండి.

ప్రయాణం డిసెంబర్ దాటితే ఇంకో చిక్కు ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అక్కడ ఉంటే ఇక్కడికి అది ఒకే ఆర్థిక సంవత్సరం, అమెరికాకు రెండు. జనవరి, ఫిబ్రవరి జీతం తర్వాతి ఏడాది డబ్ల్యూ-2లో వస్తుంది, దాని రిటర్న్ గడువు ఇక్కడి ఫారం 67 గడువు దాటాక వస్తుంది. అలాంటప్పుడు పేరోల్ కోసినదాన్ని కాకుండా అసలు పన్ను ఎంతవుతుందో అంచనా వేసి, అంతకే క్రెడిట్ అడిగి, పే స్లిప్పులు ఆధారంగా పెట్టండి. తర్వాత అమెరికా రిటర్న్‌లో పన్ను ఇంకా తగ్గితే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి తేడా కట్టేయండి.